అప్‌డేట్: ఫెయిల్యూరే లేకపోతే ఎంటీబీఎఫ్ ఎంత?

నా ప్రశ్న: "చివరి ఫిక్స్ తర్వాత 300 గంటల టెస్టులో ఒక్క ఫెయిల్యూరూ రాలేదు. రిపోర్టులో ఎంటీబీఎఫ్, అంటే రెండు ఫెయిల్యూర్ల మధ్య సగటు సమయం, ఎంతని వేయాలి?"

మారతహళ్లి ఆఫీసులో మా టెస్ట్ లీడ్ అన్న తేల్చేశారు. సున్నాతో భాగించలేం కదా, అందుకే కింది హద్దు రాశాం. ఫెయిల్యూర్ రేటు స్థిరంగా ఉందనుకుంటే, 95 శాతం నమ్మకంతో 300ని 3తో భాగించాలి: కనీసం 100 గంటలు. మేనేజర్‌గారికి 300 వేయాలనే ఉంది, మేం ఒప్పుకోలేదు. పైగా 100 అన్నా అంతసేపు ఆగకుండా నడుస్తుందని కాదు. 24 గంటలు నడిచే అవకాశమే `exp(-24/100)`, అంటే సుమారు 79 శాతం.

అసలు తిరకాసు వేరే ఉంది. మా టెస్టు లోడంతా లాగిన్లే, యూజర్లు ఎక్కువగా చేసేవేమో పేమెంట్లు. ఆ నిష్పత్తికి మార్చి నడిపితే, రాత్రికే పేమెంట్ టైమౌట్ బయటపడింది. ఫిక్స్ చేశాక గంటల లెక్క మళ్లీ మొదటినుంచి.