స్పీడుగా కొడితే పొల్లు ఎగిరిపోతోంది: తప్పు వేళ్లదా, కీబోర్డుదా?

పర్లాకిమిడి డీటీపీ: మా షాపులో శుభలేఖలు తెలుగులోనూ ఒడియాలోనూ ఇన్‌స్క్రిప్ట్ మీదే కొడతాను. స్పీడందుకున్నాక ‘లక్ష్మి’ ఒక్కోసారి ‘లకష్మి’ అయిపోతోంది. గేములాడే మా తమ్ముడు ఎన్ని మీటలు కలిపి నొక్కినా అన్నీ పడే ఎన్-కీ రోలోవర్ కీబోర్డు కొనమంటున్నాడు. టైపు చేసేవాళ్లకి అది నిజంగా అవసరమా, ఉత్త ప్రచారమా?

రాయగడ పాతకాపు: ఉత్త ప్రచారమే. యూఎస్‌బీలో ఒకేసారి ఆరు మీటలే వెళ్తాయి, ఎన్ని డబ్బులు పోసినా అంతే. అయినా ఒకేసారి ఆరు మీటలు నొక్కే టైపిస్టుని నేనైతే చూడలేదు. వేళ్ల సంగతి చూసుకోండి.

గుణుపురం టైపిస్ట్: నాకూ ఇదే బాధ అండీ! ‘ర’ కొడితే ‘రర’ పడేది. మీట ఊడదీసి తుడిచాక కొన్నాళ్లు బాగుంది, మళ్లీ మొదలు.

బరంపురం రిపేరు: గుణుపురం గారూ, మీది స్విచ్ అరుగుదల. ఒక్క మీట నొక్కినా రెండు పడుతుంది. ఈయనకి పడాల్సింది పడటం లేదు, రెండూ వేరు.

పాతకాపు గారూ, ఆరు అన్న మాట సగమే నిజం. కీబోర్డు పంపే మామూలు రిపోర్టు ఎనిమిది బైట్లు. అందులో షిఫ్ట్, కంట్రోల్ లాంటి వాటికి ఒక బైటు, మామూలు మీటలకి ఆరు. అది రిపోర్టు పద్ధతే కానీ వైరుకి ఉన్న హద్దు కాదు. వేరే రకం రిపోర్టు పంపే కీబోర్డులు అన్ని మీటలూ పంపుతాయి. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్ తెరలో పాత పద్ధతే కావాలి కాబట్టే కొన్నింటికి రెండింటి మధ్యా మార్చుకునే వీలు పెడతారు.

డీటీపీ గారి కష్టం వైరు దాకా రాకముందే, లోపలి ప్లాస్టిక్ షీట్లోనే మొదలవుతోంది. మీటలన్నీ అడ్డగీతలు, నిలువుగీతలు కలిసే చోట ఉంటాయి. లోపలి చిప్ ఒక్కో నిలువుగీతలో కరెంటు పంపి, ఏ అడ్డగీతలోంచి వస్తోందో చూస్తుంది. ఒక గడికి నాలుగు మూలలు అనుకోండి: పైన Q, W, కింద A, S. Q, W, A మూడూ నొక్కి ఉంచితే, W ఉన్న గీతలో పంపిన కరెంటు Q మీదుగా వెనక్కి తిరిగి, A లోంచి దిగి, S నొక్కినట్టు చూపిస్తుంది. నొక్కని మీట పడటం, అసలు గోస్టింగ్ అదే. ఇప్పటి చిప్‌లు దెయ్యాన్ని రానివ్వవు. అనుమానం వస్తే మూడో మీటనే ఆపేస్తాయి. ప్రతి మీటకీ ఒక డయోడ్ పెడితే కరెంటు వెనక్కి రాదు, ఈ గొడవే ఉండదు.

‘లక్ష్మి’లో ల, క, పొల్లు, ష లకి వరసగా n, k, d, తర్వాత షిఫ్ట్‌తో కామా. స్పీడులో n, k ఇంకా లేవకముందే d పడుతుంది. ఆ మూడూ ఒక గడి మూలలైతే d ఆగిపోతుంది. n గానీ k గానీ లేచాక d ఇంకా నొక్కి ఉంటే ఆలస్యంగానైనా వస్తుంది. అంతకుముందే వదిలేస్తే పొల్లు పోయినట్టే. అందుకే అన్నిసార్లూ కాదు, అప్పుడప్పుడే. నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లీషు పెట్టి n, k పట్టుకుని d నొక్కి చూడండి.

జయపురం గేమర్: అన్నా, మాకు ఇది ప్రాణసంకటం. W, A పట్టుకుని పరుగెడుతూ స్పేస్ కొడితే ఎగరడు, చస్తాడు. టైపులో తప్పు పడితే దిద్దుకోవచ్చు, ఆటలో దిద్దుకునే టైమెక్కడ?

పర్లాకిమిడి డీటీపీ: చూశాను. d రాలేదు! n వదిలితే వచ్చింది. ఇంట్లో పాత కీబోర్డులో మాత్రం మూడూ పడుతున్నాయి. ఒడియాలో క, పొల్లు అవే మీటలు కదా, ‘ଲକ୍ଷ୍ମୀ’ కూడా అలాగే చెడిపోతోంది.

రాయగడ పాతకాపు: సరే, షీట్ సంగతి ఒప్పుకున్నా. కానీ ఒకదాని మీద ఒకటి పడేలా కొట్టడం చెడ్డ అలవాటు. మా మాస్టారు ఒక మీట లేచాకే ఇంకోటి అనేవారు.

బరంపురం రిపేరు: మీ మాస్టారిది టైప్‌రైటర్ కాలం, అక్కడ కడ్డీలు చిక్కుకునేవి. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో 13.6 కోట్ల నొక్కులు పరిశీలిస్తే, వేగంగా కొట్టేవాళ్లే ముందు మీట వదలకుండా తర్వాతది నొక్కుతారని తేలింది. అది తప్పు కాదు, వేగమే అక్కడి నుంచి వస్తుంది.

డీటీపీ గారికి డయోడ్ కీబోర్డు తప్పనిసరి అననుగానీ, డబ్బా మీద ‘యాంటీ గోస్టింగ్ 19 కీలు’ అని చూసి మోసపోకండి. ఆ 19 తరచు W, A, S, D చుట్టుపక్కలవే. n, k, d అందులో ఉండాలని లేదు.

జయపురం గేమర్: నేనైతే డయోడ్‌దే కొనమంటా. రేపు కొత్త పేరు వస్తే వేరే మూడు మీటలు ఇరుక్కోవచ్చు.

పర్లాకిమిడి డీటీపీ: ముహూర్తాల సీజను దాకా పాతదే షాపుకి తెస్తున్నా. ‘స్త్రీ’, ‘శ్రీ’, ‘జ్ఞాన’ కూడా పరీక్షించి చెప్తాను.