పొదుపు ఖాతాలో కోసుకున్న రుసుముపై ఫిర్యాదు లేఖ: తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

జూన్ 3న నా పొదుపు ఖాతా నుంచి 354 రూపాయలు కోసుకున్నారు. పాస్‌బుక్‌లో ఆ వరుసకు ఎదురుగా "MAB CHG" అని ముద్రించి ఉంది, అంటే మే నెల సగటు నిల్వ తగ్గినందుకు 300 రూపాయల జరిమానా, దానిపై 54 రూపాయల జీఎస్టీ. నిల్వ తగ్గిన మాట నిజమే. కానీ జరిమానా వేసే ముందు ఖాతాదారుకు తెలియజేసి, నిల్వ సరిచేసుకోవడానికి కనీసం నెల రోజులు గడువివ్వాలని రిజర్వు బ్యాంకు 2014 నవంబరులోనే ఆదేశించింది. నాకు ఎస్ఎంఎస్ గానీ, ఈమెయిల్ గానీ, ఉత్తరం గానీ రాలేదు. బ్యాంకులో నమోదైన నంబరు ఇప్పటికీ నేను వాడుతున్నదే.

ఈ వివరాలతో, పాస్‌బుక్ పేజీ నకలు జతచేసి, జూన్ 10న శాఖ మేనేజరుకు లేఖ ఇచ్చి, నా ప్రతిపై తేదీ ముద్ర వేయించుకున్నాను. రెండుసార్లు వెళ్లి అడిగితే "సిస్టమ్ దానంతట అదే కోస్తుంది" అని నోటిమాటగా చెప్పారే తప్ప రాతపూర్వక జవాబు ఇవ్వలేదు. ఈ రోజు జూలై 14, ముప్పై రోజులు దాటాయి.

శాఖకిచ్చిన ఈ లేఖ ఆధారంగానే నేరుగా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చా, లేక ముందుగా బ్యాంకు ప్రధాన కార్యాలయానికి మరో లేఖ రాసి, మళ్లీ ముప్పై రోజులు ఆగాలా?