సౌదీ ఉద్యోగ ఒప్పందం: ఇంగ్లీషులో ఒకటి, అరబిక్‌లో ఒకటి ఉంటే?

శ్రీకాంత్ (జగిత్యాల): మా తమ్ముడికి సౌదీలో గోదాము పని వచ్చింది. ఒప్పందంలో ప్రతి పేజీ సగం ఇంగ్లీషు, సగం అరబిక్. ఇంగ్లీషులో మూల వేతనం 1,500 రియాళ్లు, భోజనానికి విడిగా 300 అని ఉంది. అరబిక్ చదవగల పరిచయస్థుడేమో అన్నీ కలిపే 1,500 అంటున్నాడు. తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుందని 14వ షరతు చెబుతోంది. సంతకం పెట్టవచ్చా?

భాస్కర్: 14వ షరతు స్పష్టంగా ఉంది కదా. ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్నాక అరబిక్‌లో ఏముంటే ఏమిటి? పెట్టేయమనండి.

రియాజ్ (జెద్దా): భాస్కర్ గారూ, వ్యాపార ఒప్పందమైతే మీ మాటకు బలం ఉండేది. ఇది సౌదీ ఉద్యోగ ఒప్పందం. అక్కడి కార్మిక చట్టం 9వ అధికరణం ప్రకారం, అరబిక్ పక్కన వేరే భాష వాడితే అరబిక్ పాఠానిదే పైచేయి. 14వ షరతును నమ్ముకొని సంతకం పెట్టవద్దు.

శ్రీకాంత్, ముందు ఆ 14వ షరతునే అరబిక్‌లో చదివించండి. నేను తర్జుమా చేసే ఒప్పందాల్లో ఇంగ్లీషు వైపు ఇంగ్లీషు చెల్లుతుందని, అరబిక్ వైపు అరబిక్ చెల్లుతుందని ఉన్నవి చూశాను.

తర్వాత అంకెలు. అవి మీరే పోల్చవచ్చు. అరబిక్‌లో సున్నా ఒక చుక్క, అయిదు చిన్న గుండ్రం. అందుకే 50ని చూసి సున్నా, చుక్క అనుకుంటారు. ఆరు అంకె మనం రాసే 7లా కనిపిస్తుంది. లిపి కుడి నుంచి సాగినా అంకెలు మాత్రం ఎడమ నుంచే చదవాలి.

లక్ష్మి: మా ఫ్లాటు అగ్రిమెంటు కూడా తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఉంది. దానికీ ఇదే నియమమా?

రియాజ్: కాదమ్మా, ఇది సౌదీ చట్టం సంగతి. మీ కాగితంలో ఏ పాఠం చెల్లుతుందో రాశారేమో చూసి, వకీలుకు చూపించండి.

శ్రీకాంత్: రియాజ్ అన్నా, చదివించాను. అరబిక్ వైపు 14లో అరబిక్ చెల్లుతుందనే ఉంది! జీతం గురించిన 4వ షరతులో మూల వేతనం 1,200, భోజనం 300, మొత్తం 1,500.

రియాజ్: అంటే నెలకు 300 తగ్గుతుంది. ఓవర్‌టైముకు గంట వేతనం పైన ఇచ్చే 50 శాతాన్ని మూల వేతనం మీదే లెక్కిస్తారు కాబట్టి అక్కడా కోత పడుతుంది. ఒక కాగితం మీద ఇలా రాసి ఏజెంటుకు పంపండి: “4వ షరతు: ఇంగ్లీషులో 1,500, పైగా 300, అరబిక్‌లో 1,200, 300 కలిపి 1,500. 14వ షరతు: రెండు వైపులా వేర్వేరు. చట్టం ప్రకారం చెల్లేది అరబిక్. అరబిక్‌లో సరిదిద్దిన ప్రతి కావాలి.” ఇంగ్లీషు వైపు దిద్ది ఇస్తే ఒప్పుకోవద్దు. సౌదీ ప్రభుత్వ కివా పోర్టల్‌లో ఒప్పందం వచ్చినప్పుడూ అవే అంకెలు చూడాలి. తేడా ఉంటే ఆమోదించకుండా మార్పు కోరే వీలుంది.

భాస్కర్: కార్మికుడికి మేలు చేసే షరతును కోర్టు కొట్టేస్తుందా?

రియాజ్: ఆ వాదన చేయవచ్చు. న్యాయమూర్తి ఒప్పుకుంటారో లేదో ముందే చెప్పలేను. ఇంకా సంతకం పెట్టలేదు కదా, ఇప్పుడే దిద్దించుకోవడం తేలిక.

శ్రీకాంత్: ఏజెంటుకు పంపాను. “అందరికీ ఇదే నమూనా” అన్నాడు. దిద్దిన ప్రతి వచ్చేదాకా తమ్ముడిని ఆగమన్నాను.