చివరి మూడు వారాలు: దూరం ఎంత కోయాలి, స్పీడ్ కూడా కోయాలా?

స్వాతి_సైనిక్‌పురి
ఆగస్టు ఆఖర్లో హైదరాబాద్ మారథాన్, నాకు ఇదే మొదటి ఫుల్. టార్గెట్ 4:30. వారానికి నాలుగు రోజులు పరుగు. ఈమధ్య సగటు 54 కి.మీ., మొన్న ఆదివారంతో అయిపోయిన వారం మాత్రం 64, అందులో 30 లాంగ్ రన్. మంగళవారం కిలోమీటరు రిపీట్లు ఆరు, 5:50 పేస్‌లో. ఇంక సరిగ్గా మూడు వారాలుంది. దూరం ఎంత తగ్గించాలి? స్పీడ్ వర్కౌట్లు ఆపేయాలా?

భాస్కర్_రోజూ5గంటలకి
రేసు ముందు ఇలా దూరం తగ్గించుకుంటూ రావడాన్నే టేపర్ అంటారు. మూడు వారాల టేపర్ మీకు ఎక్కువ. రెండు చాలు. 2007లో బాస్కే బృందం అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ ఒకచోట చేర్చి లెక్కగట్టింది. రెండు వారాల పాటు దూరం 41 నుంచి 60 శాతం తగ్గించి, స్పీడూ పరిగెత్తే రోజులూ కదపకుండా ఉంచినప్పుడే లాభం ఎక్కువ కనిపించింది. కాబట్టి ఈ వారం కూడా 60 పైన ఉంచి ఆదివారం ఒక 32 కొట్టండి. కోత ఆ తర్వాత.

కిరణ్_కూకట్‌పల్లి
స్పీడ్ జోలికి అస్సలు వెళ్లకండి అక్కా. మా గ్రూప్‌లో కోచ్ రేసుకి పది రోజుల ముందు అందరి చేతా 10 కి.మీ. టైమ్ ట్రయల్ పెట్టించాడు, అదీ ఫుల్ గ్యాస్‌లో. నేను పర్సనల్ బెస్ట్ కొట్టాను, ఫొటో కూడా పెట్టుకున్నాను. రేసులో 33 దగ్గర తొడలు రాళ్లయిపోయాయి. అడిగితే "నువ్వు నీళ్లు సరిగ్గా తాగలేదు" అన్నాడు. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నాడు లెండి. చివరి మూడు వారాలు మెల్లగా జాగింగ్, అంతే.

పద్మజ_నెల్లూరు
నాదీ ఇదే డౌట్. అన్నం ఎంత తగ్గించాలి? పరుగు తగ్గితే తిండీ తగ్గాలి కదా, లేకపోతే బరువు పెరుగుతాం.

శారద_ఫిజియో
భాస్కర్ గారు చెప్పిన 2007 లెక్క నిజమే. కానీ అందులో ఈతగాళ్లు, సైక్లిస్టులు కూడా ఉన్నారు. నీళ్లలో తొడ కండరానికి దెబ్బ తగలదు, రోడ్డు మీద ప్రతి అడుగుకీ తగులుతుంది. పైగా వాళ్లు పోటీలకి తయారయ్యే అథ్లెట్లు. అది స్వాతి గారికి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

ముందు, ఎందులోంచి కోస్తున్నామో తేల్చుకోవాలి. 64 అనేది ఒక్క వారం. దాంట్లోంచి 20 శాతం తీస్తే 51 వస్తుంది, అంటే మీ మామూలు వారమే. అది కోత కాదు. 54 నుంచి లెక్కపెట్టండి. ఈ వారం మంగళవారం 9, గురువారం 8, శనివారం 4, ఆదివారం 22, కలిపి 43. వచ్చే వారం 8, 6, 4, ఆదివారం 14, కలిపి 32. రేసు వారం మంగళవారం 6, గురువారం 4, శనివారం ఒక 3, అదీ ఇరవై నిమిషాలు ఊరికే కాళ్లు కదపడానికి.

నాలుగు రోజులు నాలుగు రోజులుగానే ఉంచాను చూడండి. రోజులు తగ్గించకుండా ఒక్కో రోజు దూరం తగ్గిస్తే ఒంటికి అలవాటు పోదు.

స్పీడ్ విషయం. కిరణ్, నీకు దెబ్బ తగిలింది స్పీడ్ వల్ల కాదు, మోతాదు వల్ల. పది రోజుల ముందు 10 కి.మీ. ప్రాణం పెట్టి పరిగెత్తడమంటే ఇంకో రేసు పరిగెత్తినట్టే. స్వాతి గారు పేస్ 5:50గానే ఉంచి రిపీట్లు తగ్గించాలి. ఈ మంగళవారం నాలుగు, వచ్చే మంగళవారం మూడు. రేసు వారంలో రిపీట్లు వద్దు, ఆ 6లో మధ్యన మూడు కిలోమీటర్లు రేసు పేస్‌లో, మీ టార్గెట్‌కి అది 6:24. అయ్యాక "ఇంకో రెండు కొట్టొచ్చు" అనిపిస్తే సరిగ్గా చేసినట్టు. అక్కడే ఆపేయాలి.

పద్మజ గారూ, తిండి తగ్గించొద్దు. చివరి మూడు రోజులు అన్నం ఇంకాస్త ఎక్కువే తినాలి. అన్నం నుంచి వచ్చి కండరంలో నిల్వ ఉండే ఇంధనమే గ్లైకోజన్. అది నిండేటప్పుడు దాంతోపాటు నీరు కూడా చేరుతుంది, తూకంలో కిలో పైన పెరగడం మామూలే. అది కొవ్వు కాదు.

రమణ_డల్లాస్
రేసు ముందు రోజు బిబ్‌లు ఇచ్చే ఎక్స్‌పోలో నాలుగు గంటలు నిలబడే జనాన్ని చూశాను. ముందు అది తగ్గించండి.

భాస్కర్_రోజూ5గంటలకి
శారద గారూ, 22 ఏంటండీ? 30 నుంచి ఒక్కసారి 22కా? ఆవిడకి ఇది మొదటి ఫుల్. జీవితంలో 30 దాటలేదు. రేసులో మిగతా 12 ఎవరు పరిగెత్తుతారు? నేను చెప్పిన 32కి మీరు జవాబివ్వలేదు.

శారద_ఫిజియో
రెండు వారాల ముందు కొట్టిన 32 వల్ల రేసు రోజుకి ఓపిక పెద్దగా పెరగదు. అలాంటి శ్రమ ఒంటికి పట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అలసట మాత్రం అప్పుడే చేతికొస్తుంది.

భాస్కర్_రోజూ5గంటలకి
"పెద్దగా" పెరగదు. అంటే కొంచెం పెరుగుతుందన్నమాట. 30 కీ 32 కీ తేడా రెండే కిలోమీటర్లు, దానికి అలసట అంటారేంటి? నేను వారానికి 90 చేస్తాను, రెండు వారాల ముందు 32 చేసి మూడున్నర లోపు వచ్చాను.

శారద_ఫిజియో
32 చెడ్డదని కాదు, ఈ ఆదివారం వద్దంటున్నాను. ఆవిడ లాంగ్ రన్‌లో 7:00 పేస్‌లో వెళ్తే 32 అంటే 3 గంటల 44 నిమిషాలు. మీరు 5:20లో వెళ్తే 2 గంటల 51. దాదాపు గంట తేడా. కాలికి కిలోమీటర్లు తెలియవు, ఎంతసేపు ఎన్ని దెబ్బలు తగిలాయో అదే తెలుసు.

కిరణ్_కూకట్‌పల్లి
మోతాదు అనే మాట ఆ కోచ్‌కి ఎవరైనా చెప్పాల్సింది.

భాస్కర్_రోజూ5గంటలకి
సరే, అసలు విషయం నేనే చెప్తాను, ఎవరికి కోపం వచ్చినా పర్లేదు. వారానికి 50 చేసేవాళ్లకి తగ్గించడానికి ఏముందండీ? అలసట పోగయితే కదా విశ్రాంతి! మా గ్రూప్‌లో ఏటా చూస్తున్నాను. జూన్, జూలైలో వాన వంకతో ఇంట్లో పడుకుంటారు, ఆగస్టు మొదటి వారం రాగానే "అన్నా, టేపర్ స్టార్ట్" అంటారు. చేయని ప్రాక్టీసుకి టేపర్ ఏంటి? తర్వాత కేబుల్ బ్రిడ్జ్ దాటకుండానే నడక. వాళ్లని తోసుకుంటూ తీసుకెళ్లేది నేనే. అందరికీ పేస్ చూపించే పేసర్‌గా ఫ్లాగ్ పట్టుకుని ఒంటరిగా ఫినిష్‌కి వచ్చిన బాధ మీకు తెలియదు.

శారద_ఫిజియో
ఇప్పుడు అర్థమైంది. మీ కోపం టేపర్ మీద కాదు, ప్రాక్టీసు ఎగ్గొట్టేవాళ్ల మీద. అది న్యాయమే. కానీ స్వాతి గారు ఎగ్గొట్టలేదు, సగటు 54 రాశారు. ఇక "తక్కువ చేసేవాళ్లకి టేపర్ అక్కర్లేదు" అన్న మాట నేను ఒప్పుకోను. 2021లో స్మిత్, లాలర్ అనే ఇద్దరు పరుగులు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లోని 1,58,000 మందికి పైగా మామూలు రన్నర్ల రికార్డులు చూశారు. మూడు వారాలూ క్రమంగా, వెనక్కి పోకుండా తగ్గించినవాళ్లు, దాదాపు తగ్గించనివాళ్ల కంటే ఐదున్నర నిమిషాలు ముందు ఉన్నారు. వాళ్లంతా మీలా 90 చేసేవాళ్లు కాదు.

భాస్కర్_రోజూ5గంటలకి
ఆ లెక్క నేనూ చూశాను. పద్ధతిగా తగ్గించేవాడు పద్ధతిగా ప్రాక్టీసూ చేసి ఉంటాడు, నిద్రా పోయి ఉంటాడు. ఐదున్నర నిమిషాలు టేపర్ వల్ల వచ్చాయో, ఆ మనిషి వల్ల వచ్చాయో స్ట్రావా ఎలా చెప్తుంది?

శారద_ఫిజియో
చెప్పలేదు. ఆ మాట నిజం, అది ప్రయోగం కాదు, రికార్డుల పరిశీలన. అయినా 7:00 పేస్‌లో మూడున్నర గంటలు రోడ్డు మీద ఉన్న మనిషికి అలసట పోగవలేదంటే నేను నమ్మను. రోజూ క్లినిక్‌లో పిక్కలు నొక్కి చూసేదాన్ని.

ఇంకొకటి, ఈ ఊరికి ముఖ్యం. ఫ్లైఓవర్ ఎక్కి దిగే ప్రాక్టీసు ఈ వారంతో ఆపేయండి. ఎక్కడం కాదు, దిగడమే తొడ ముందు కండరాన్ని చీల్చేది. ఆ దెబ్బ మానకపోతే మీరెంత అన్నం తిన్నా గ్లైకోజన్ ఆ కండరంలోకి సరిగ్గా ఎక్కదు. జిమ్‌లో బరువుతో స్క్వాట్లు చేస్తుంటే అవీ పది రోజుల ముందే బంద్.

స్వాతి_సైనిక్‌పురి
నిన్న మంగళవారం నాలుగు రిపీట్లు చేశాను, 5:48, 5:50, 5:50, 5:47. ఐదోది చేయాలనిపించింది, ఆపేశాను. ఇవాళ పొద్దున్నుంచి ఎడమ మోకాలు కింద ఏదో పట్టేసినట్టుంది. మొన్న కుడి మడమ దగ్గర ఉండేది. టెన్షన్‌గా ఉంది.

శారద_ఫిజియో
చోటు మారుతూ తిరిగే నొప్పి చాలామందికి ఈ వారాల్లోనే వస్తుంది, పరుగు తగ్గితే ధ్యాసంతా ఒంటి మీదికే వెళ్తుంది. ఒక చూపుడువేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగలిగితే, నొక్కితే కలుక్కుమంటే, పరుగు సాగేకొద్దీ పెరుగుతుంటే అది వేరే సంగతి, ఎవరికైనా చూపించుకోండి. రెండో వారంలో కాళ్లు మొద్దుబారినట్టు, బరువుగా కూడా ఉండొచ్చు. అది చూసి ఫిట్‌నెస్ పోయిందని పరీక్ష పెట్టుకోకండి. పూర్తిగా పరుగు ఆపేసినవాళ్లకి కూడా తగ్గుదల రెండు మూడు వారాలకి ఏడు శాతం దగ్గర ఉన్నట్టు పాత ప్రయోగం ఒకటుంది. మీరు ఆపడం లేదు కదా.

స్వాతి_సైనిక్‌పురి
వేలు పెట్టి చూపించలేకపోతున్నాను. అంటే పర్లేదనుకుంటా. ఆదివారం 22కే వెళ్తున్నాను.

భాస్కర్_రోజూ5గంటలకి
24 చేస్తే ఏమీ చచ్చిపోరు.

శారద_ఫిజియో
22.

పద్మజ_నెల్లూరు
చివరి మూడు రోజులు అన్నంతో పాటు పప్పు కూడా ఎక్కువ తినాలా, అన్నం ఒక్కటేనా?