y² − 4y + 8x − 20 = 0: నాభి ఎటువైపు?

సాహితి: ఈ పరావలయానికి నాభి, నియతరేఖ, అక్షం కనుక్కొని బొమ్మ గీయాలి. వర్గం పూర్తి చేస్తే (y − 2)² = −8(x − 3) వచ్చింది. ఇక్కడ a విలువ 2 వేయాలా, −2 వేయాలా? ఒకదానితో నాభి (5, 2), ఇంకోదానితో (1, 2) వస్తోంది.

కిరణ్: వర్గం y కి ఉంది కాబట్టి అక్షం x-అక్షమే. మైనస్ ఉంది కాబట్టి ఎడమకి తెరుచుకుంటుంది. నాభి (1, 2).

లెక్కల మాస్టారు: దిశ, నాభి సరిగ్గా చెప్పావు కిరణ్. అక్షం మాత్రం x-అక్షం కాదు, దానికి సమాంతరంగా ఉన్న y = 2. నువ్వు చెప్పిన నాభి x-అక్షం మీద లేదు కదా!

సాహితీ, గుర్తుల టెన్షన్ పెట్టుకోకమ్మా. a ని ఉత్త దూరంగా చూడు: 4a = 8, అంటే a = 2. ఎటు కొలవాలో సమీకరణమే చెబుతుంది. ఎడమ పక్కన వర్గం ఉంది, అది ఋణం కాలేదు. కాబట్టి x విలువ 3 దాటితే వక్రమే ఉండదు. నాభి ఎప్పుడూ వక్రం లోపలి వైపే ఉంటుంది, అందుకని (5, 2) కుదరదు. శీర్షం (3, 2) నుంచి 2 ఎడమకి జరిగితే నాభి (1, 2). అంతే దూరం కుడికి జరిగితే నియతరేఖ x = 5.

గీసేటప్పుడు x = 1 వేసి చూడు, y = 6, −2 వస్తాయి. ఆ రెండు బిందువులు, శీర్షం పెడితే వెడల్పు తేలిపోతుంది. y = 0 వేస్తే (2.5, 0) వస్తుంది. దాంతో సరిచూసుకో: నాభికి దూరం √(1.5² + 2²) = 2.5, నియతరేఖకి 5 − 2.5 = 2.5. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో గుర్తు తిరగబడినట్టే.

కల్యాణి: నేనైతే a = −2 అనే వేస్తాను. నాభి x = 3 + a, నియతరేఖ x = 3 − a. ఒకే సూత్రం రెండు దిశలకీ సరిపోతుంది.

లెక్కల మాస్టారు: సరిపోతుందమ్మా. నాభిలంబం పొడవు −8 అని రాయకుండా చూసుకోవాలి. నాకు మాత్రం దూరంగా చూడడమే ఇష్టం.

వేణు: నాది y = 2x² − 8x + 5. ఇక్కడ 4a = 2 అవుతుందా అండీ?

లెక్కల మాస్టారు: కాదు బాబూ. ముందు వర్గాన్ని ఒంటరి చెయ్యి: (x − 2)² = ½(y + 3). అప్పుడు 4a = 1/2, a = 1/8. నాభి (2, −23/8), నియతరేఖ y = −25/8. నాభి శీర్షానికి దాదాపు అతుక్కునే ఉంటుంది కాబట్టి బొమ్మకి (1, −1), (3, −1) లాంటి కాస్త దూరపు బిందువులు తీసుకో.

రఫీ: xy పదం ఉంటే? x² + 2xy + y² − 4x = 0 ని (x + y)² = 4x అని రాశాను. అక్షం x + y = 0 అనుకోవచ్చా?

కల్యాణి: అనుకోకూడదు. అక్షం, శీర్షం దగ్గరి స్పర్శరేఖ ఒకదానికొకటి లంబంగా ఉండాలి. x + y = 0, x = 0 అలా లేవు. రెండు పక్కలా ఏదో కలిపి లంబంగా తేవాలి, అది ఎంతో ఎవరైనా చేసి చూపిస్తారా?