ఎముక లేదు కాబట్టే షార్క్ కరెంటు పసిగడుతుందా?

కొత్త_సభ్యుడు: షార్క్ ఒంట్లో ఒక్క ఎముక కూడా ఉండదట, అంతా మన చెవి డిప్పలో ఉండే మృదులాస్థేనట. ఇసుకలో దాక్కున్న చేపని దాని ఒంటి కరెంటుని బట్టి పట్టేస్తుందట కూడా. ఎముక కరెంటుని అడ్డుకుంటుంది, మృదులాస్థి అడ్డుకోదు, అందుకే షార్క్‌కి ఈ శక్తి వచ్చిందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

తర్కం_కావాలి: నాకైతే సబబుగానే అనిపిస్తోంది. మృదులాస్థిలో నీటి శాతం ఎక్కువ, ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది. స్టర్జన్ చేపని చూడండి, దాని అస్థిపంజరం కూడా చాలావరకు మృదులాస్థే, దానికీ కరెంటు తెలుస్తుంది. ట్యూనాకి గట్టి ఎముకలు, దానికి తెలియదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కడలి_లోతు: స్టర్జన్, ట్యూనా రెండే చూస్తే అలాగే అనిపిస్తుంది. క్యాట్‌ఫిష్‌ని కూడా తీసుకోండి, ఒళ్లంతా ఎముకలే, అయినా కరెంటు పసిగడుతుంది. ఊపిరితిత్తుల చేప కూడా అంతే. ప్లాటిపస్ అయితే చేప కూడా కాదు, ఎముకలున్న క్షీరదం, దాని ముక్కు చర్మంలో ఈ గ్రాహకాలున్నాయి. కాబట్టి ఎముక ఉండటం, లేకపోవడం దీన్ని తేల్చదు.

అసలు ఈ పని చేసేది అస్థిపంజరం కాదు, చర్మం. షార్క్ మూతిని దగ్గరగా తీసిన ఫొటో చూస్తే సూదితో గుచ్చినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక సన్నని గొట్టానికి నోరు. గొట్టం నిండా జెల్లీ, అడుగున చిన్న బుడ్డిలాంటి సంచి, ఆ సంచి గోడలో నరాలకు కబురందించే కణాలు. స్టెఫానో లోరెంజీనీ 1678లోనే వీటిని వర్ణించాడు కాబట్టి ఆయన పేరుతోనే లోరెంజీనీ యాంపులాలు అంటారు. ఇవి కరెంటుకి స్పందిస్తాయని తేలడానికి మాత్రం 1960ల దాకా పట్టింది.

జెల్లీలో కరెంటు సులువుగా పోతుంది, గొట్టం గోడ మాత్రం దాన్ని బయటికి పోనివ్వదు. దాంతో చర్మం పైన, రంధ్రం దగ్గర ఉన్న వోల్టేజి దాదాపు అలాగే లోపలి సంచి దాకా చేరుతుంది. అక్కడి కణాలు దాన్ని షార్క్ ఒంటి లోపలి వోల్టేజితో పోల్చుకుంటాయి. గొట్టాలు తలా ఒక దిక్కుకి పరుచుకుని ఉంటాయి కాబట్టి తేడా ఏ వైపు నుంచి వస్తోందో కూడా తెలిసిపోతుంది.

ప్రశ్నలే_ప్రశ్నలు: అంటే షార్క్‌ని ముట్టుకుంటే షాక్ కొడుతుందా? నీళ్లలో దిగాలంటేనే టెన్షన్‌గా ఉంది.

కడలి_లోతు: కొట్టదు. షాక్ కొట్టేది టార్పీడో రే, అది షార్క్‌కి దూరపు చుట్టం. షార్క్ కరెంటుని పుట్టించి ఎవరి మీదా ప్రయోగించదు, ఎదుటి జీవి నుంచి కారేదాన్ని పసిగడుతుందంతే. చేప మొప్పల్లో, నోట్లో పలచటి పొరలుంటాయి, అక్కడ ఒంట్లోని లవణాలకీ సముద్రపు నీటికీ మధ్య చిన్న వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది. చేప కదలకుండా పడుకున్నా ఊపిరి తీసుకోక తప్పదు, తీసుకున్నప్పుడల్లా ఆ వోల్టేజి హెచ్చుతగ్గులవుతుంది.

వాసన_వాది: ఇదంతా బాగానే ఉంది గానీ షార్క్ అంటే వాసన. ఇసుకలో చేపని కూడా వాసనతోనే పట్టి ఉండొచ్చు కదా, కరెంటే అని ఎలా తేల్చారు?

కడలి_లోతు: సరిగ్గా ఈ అనుమానం తీర్చడానికే కాల్మైన్ అనే డచ్ శాస్త్రవేత్త వరుసగా ప్రయోగాలు చేసి 1971లో ప్రచురించాడు. చిన్న క్యాట్‌షార్క్‌ని, ప్లేస్ అనే చదునైన చేపని తీసుకున్నాడు. చేపని ఊరికే ఇసుకలో కప్పెడితే షార్క్ 10, 15 సెంటీమీటర్ల దూరానికి రాగానే గబుక్కున తిరిగి తవ్వి తినేసింది. దీంతో ఏమీ తేలదు, వాసన కూడా కావచ్చు.

అందుకని చేపని అగార్ జెల్లీతో చేసిన గదిలో పెట్టి ఇసుక కప్పాడు. అగార్ లోంచి కరెంటు వెళ్తుంది, వాసన వెళ్లదు. చేప ఊపిరి కోసం గదిలోకి నీళ్లు పంపి, ఆ నీళ్లు దూరంగా ఇంకోచోట బయటికొచ్చేలా గొట్టం పెట్టాడు. వాసనే ఆధారమైతే షార్క్ నీళ్లు బయటికొచ్చే చోట వెతకాలి, కానీ అది నేరుగా చేప పైనే దాడి చేసింది. తర్వాత బతికున్న చేప బదులు గదిలో చేప ముక్కలు పెట్టాడు. ఈసారి షార్క్ గదిని వదిలేసి నీళ్లు బయటికొచ్చే చోట వెతికింది. మళ్లీ బతికున్న చేపని పెట్టి, అగార్ మీద కరెంటుని ఆపే పలచటి ప్లాస్టిక్ పొర కప్పితే పైనుంచి వెళ్తూ కూడా పట్టించుకోలేదు. చివరికి చేపే లేకుండా ఇసుకలో రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి చేప స్థాయి కరెంటు పంపితే వాటికోసం తవ్వింది. వాసన, కరెంటు, కంటిచూపు, నీటి కదలిక ఒక్కొక్కదాన్నీ విడదీసి చూసిన ఈ తీరు నాకు చాలా ఇష్టం.

వాసన_వాది: ప్లాస్టిక్ పొర ముక్క విన్నాక ఒప్పుకోక తప్పదు. కానీ అది 15 సెంటీమీటర్లే కదా. దూరం నుంచి వేటని కనిపెట్టేది వాసనే, నా మాట అదే.

కడలి_లోతు: దూరం విషయంలో మీ మాటే కరెక్టు. ఒక జీవి చుట్టూ ఉండే ఈ క్షేత్రం దూరంతో పాటు చాలా వేగంగా పడిపోతుంది, అర మీటరు దాటితే దాదాపు పనికిరాదు. వాసన, శబ్దం దగ్గరికి తీసుకొస్తాయి, చివరి గురి కరెంటుది.

నీటి_కెమెరా: నా అనుభవం చెప్తాను. డైవింగ్‌లో ఒక చిన్న షార్క్ నన్ను వదిలేసి నా కెమెరా లోహపు పెట్టెని పదేపదే మూతితో పొడిచింది. పెట్టెకి రక్తం లేదు, వాసన లేదు. ఇదేనా కారణం?

కడలి_లోతు: కావచ్చు. రెండు రకాల లోహాలు ఉప్పునీళ్లలో తగిలి ఉంటే అవే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, ఆ కరెంటు చేప నుంచి వచ్చేదానికంటే ఎక్కువే ఉండొచ్చు. షార్కులు పంజరం కడ్డీల్ని కొరకడానికి కూడా ఇదొక వివరణ. కానీ అది ఊరికే కొత్త వస్తువుని పరీక్షించి ఉండొచ్చు కూడా, ఒక్క సంఘటనతో తేల్చలేం.

కొత్త_సభ్యుడు: ఎంత చిన్న కరెంటు వరకు తెలుస్తుంది?

కడలి_లోతు: ప్రయోగాల్లో సెంటీమీటరుకి 5 నానోవోల్టుల దాకా స్పందించాయి. 1.5 వోల్టుల మామూలు బ్యాటరీ రెండు కొసల్నీ సముద్రంలో 3,000 కిలోమీటర్ల దూరంలో పెట్టి, ఆ వోల్టేజిని దారి పొడవునా సమంగా పంచితే సెంటీమీటరుకి వచ్చేది అంతే.

తర్కం_కావాలి: సరే, కరెంటు సంగతి వదిలేస్తున్నా. మరి మృదులాస్థి ఎందుకు? ఎముక పుట్టకముందు నాటి పాత జీవి కాబట్టి అలాగే మిగిలిపోయింది, అంతేగా?

కడలి_లోతు: చాలాకాలం అందరూ అలాగే అనుకున్నారు. 2020లో మంగోలియాలో దొరికిన మింజీనియా అనే శిలాజాన్ని వర్ణించారు, వయసు సుమారు 41 కోట్ల సంవత్సరాలు. షార్కులు, ఎముకచేపలు విడిపోకముందు కొమ్మకి చెందిన చేప అది, అయినా దాని పుర్రె లోపల నిజమైన ఎముక ఉంది. అంటే షార్కుల పూర్వీకులకు ఎముక ఉండి, తర్వాత పోయి ఉండొచ్చు. మృదులాస్థి తేలిక, గాలితిత్తి లేని షార్క్‌కి అది లాభమే. పైగా అది మన చెవి డిప్పలా మెత్తగా ఉండదు, దవడల మీద కాల్షియం ఖనిజంతో చేసిన బుల్లి పలకలు ఒకదాని పక్కన ఒకటి అతికినట్టుంటాయి. అందుకే అంత గట్టిగా కొరకగలుగుతుంది.

తర్కం_కావాలి: ఒక్క శిలాజంతో ఇంత పెద్ద మాటా? ఆ చేపలో ఎముక విడిగా, సొంతంగా పుట్టి ఉండకూడదా?

కడలి_లోతు: పుట్టి ఉండొచ్చు, అలా వాదించే వీలు ఇంకా ఉంది. నేను మాత్రం పోగొట్టుకున్నాయనే వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఎముక తయారీకి కావలసిన పాత భాగాలు కొన్ని షార్క్ చర్మం మీది పొలుసుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ కాలం నాటి పుర్రెలు ఇంకొన్ని దొరికి, వాటి లోపలి కణజాలం చూస్తే గానీ ఇది తెగదు.