అప్‌డేట్: నెలవారీ గడువు తేదీ 28 దగ్గర ఆగిపోవడం

నేను అడిగింది: "స్ప్రెడ్‌షీట్‌లో జనవరి 31న మొదలైన వాయిదాల గడువు ఫిబ్రవరి తర్వాత ప్రతి నెలా 28నే ఎందుకు చూపిస్తోంది?"

సమస్య తీరింది, సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ప్రతి వరుసా తన పై వరుసలోని తేదీకి ఒక నెల కలుపుతోంది. 31-01-2025కి నెల కలిపితే 28-02-2025 వస్తుంది. తర్వాతి వరుసకు కనిపించేది ఆ 28 మాత్రమే, అసలు తేదీ 31 అని దానికి తెలియదు. అందుకే ఇప్పుడు A కాలమ్‌లో A3 నుంచి 1, 2, 3 అని వాయిదా సంఖ్య ఉంచి, ప్రతి గడువునూ B2లోని మొదటి తేదీ నుంచే C కాలమ్‌లో లెక్కిస్తున్నాను:

```
=EDATE($B$2,A3)
```

ఇప్పుడు వరుసగా 28-02-2025, 31-03-2025, 30-04-2025 వస్తున్నాయి. ఎంత హాయిగా ఉందో! ఒక్క జాగ్రత్త: మొదటి తేదీ ఏప్రిల్ 30 అయితే ఇది మే 30నే ఇస్తుంది. కచ్చితంగా నెలాఖరే కావాలంటే `EOMONTH` వాడాలి.

గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూడటానికి ఇది:

```
=IF(C3="","",C3-TODAY())
```

ఖాళీ గడిని ముందే పరీక్షించకపోతే అది సున్నాగా లెక్కకు వచ్చి, మైనస్ నలభై వేలు దాటిన సంఖ్య కనిపిస్తుంది. రోజుల బదులు ఏదో తేదీ కనిపిస్తే గడి ఫార్మాట్‌ను సంఖ్యగా మార్చాలి. మైనస్ వస్తే గడువు దాటిందని అర్థం.